వంకర గీత

నా భార్య దువ్వాడలోని ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. సాయంత్రాలు ఇంటి నుంచే ఆన్‌లైన్ క్లాసులు. పాత ల్యాప్‌టాప్‌లో మౌస్‌తో బెంజీన్ రింగులు గీయలేక విసిగిపోయి, తెర మీదే రాసుకునేది కావాలంది. ఒక సెలవు రోజున ఉక్కునగరం నుంచి బండి మీద ద్వారకానగర్‌లో ఒక కంప్యూటర్ షాపుకి వెళ్లాం.

షాపతను ఓపికమంతుడు. "టచ్ ఒక్కటుంటే సాల్దు మేడమ్. ఆ మోడల్‌కి సరిపోయే పెన్ను ఉండాల. నేకపోతే రాసినప్పుడు అరసెయ్యి ఆనినా గీతలు పడిపోతాయి" అన్నాడు. సన్నగా, అందంగా ఉన్నదొకటి చూపించాడు. దానికి హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు లేదు.

"ఒద్దండి. క్లాసులో ప్రొజెక్టర్‌కి వైరు పెట్టాల. అడాప్టర్ ఇంటికాడ మర్సిపోతే ఆ రోజు పాఠం పోయినట్టే" అంది ఆవిడ.

తెర వెనక్కి పూర్తిగా మడతపడేది, పోర్టు ఉన్నది తీశాడు. ఆవిడ ముచ్చటగా పెన్ను పట్టుకుని రింగు గీసింది. గీత అలలు అలలుగా వచ్చింది.

"నెమ్మదిగా గీత్తే కొన్ని తెరల్లో అలాగే వత్తాది మేడమ్" అంటూ ఇంకోటి తెచ్చాడు. దాంట్లోనూ అంతే. మూడోదాంట్లోనూ అంతే. అప్పుడతను ఆ పెన్నే తీసుకుని, అదే తెర మీద, అంతే నెమ్మదిగా ఏటవాలు గీత గీశాడు. తిన్నగా వచ్చింది.

ముగ్గురం ఆ గీతనే చూస్తూ నిలబడ్డాం. ఆవిడ కుడిచేతిని చున్నీ కింద దాచుకుంది.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాను.

"సాక్‌పీసు పట్టుకుంటే తెలీదు. బోర్డు మీద పెద్దగా రాత్తాను కదా" అంది.

డాక్టరు పార్కిన్సన్స్ అన్నాడు. "ఇంకెందుకు ల్యాప్‌టాప్?" అంది ఆవిడ. నేనే పట్టుబట్టి ఆ మడతపడేదే కొన్నాను. మందులు కొన్నాళ్లు బాగా పనిచేశాయి. తన గీతలు క్లాసులో గోడంత కనిపిస్తున్నాయని మురిసిపోయింది. చెయ్యి మళ్లీ మొరాయించాక, ఆన్‌లైన్ క్లాసుల్లో పక్కన కూర్చుని నేను రాసేవాణ్ని. స్టీల్ ప్లాంటులో ఇనుముతో పనిచేసే నా చేతికి రింగులు అలవాటయ్యాయి. "అక్కడ కాదు, ఆ మూల డబుల్ బాండు" అని నవ్వేది. ఆ రోజులే మాకు మిగిలిన మంచి రోజులు.

తర్వాత అదే జబ్బుతో ఆవిడ గొంతు సన్నబడింది. ఒక సాయంత్రం చాట్‌లో పిల్లలు వరుసగా పెట్టారు: "మేడమ్, వినపడట్లేదు." మైకు దగ్గరికి జరిపాను. సౌండ్ పెంచాను. మళ్లీ అదే మాట.

"నువ్ సెప్పు. నాను సెప్పింది గట్టిగా సెప్పు" అంది నా చెవిలో.

ఒక్క వాక్యం చెప్పాను. ఆ రసాయనాల పేర్లు నా నోటికి తిరగలేదు. రెండోసారి ప్రయత్నించబోతే నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. పిల్లలకి చెయ్యి ఊపి, మీటింగ్ తనే ముగించింది. కాలేజీకి మళ్లీ వెళ్లలేదు.

పెన్ను నా చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను.