అంచు విరిగిన స్లైడు

కొరాపుట్‌లో నేను మెడిసిన్ రెండో ఏడాదిలో ఉండగా, మునిగుడ నుంచి మా పిన్ని కూతురు అదే కాలేజీలో చేరింది. మైక్రోస్కోపులో కణజాలాల్ని గుర్తుపట్టే హిస్టాలజీ ప్రాక్టికల్ ఇంకా నాలుగు వారాలుందనగా నా దగ్గరికొచ్చింది. ఇంటర్నల్స్‌లో మార్కులు తగ్గాయి, ఇందులో తప్పితే సప్లిమెంటరీయే. డిసెక్షన్ పోగా రోజుకు అరగంటే ఖాళీ.

ఆ అరగంటకే టైంటేబుల్ వేశాను. మొదటి వారం ఎపితీలియం, ఎముక, కండరం వంటి మూల కణజాలాలు. రెండో వారం లింఫ్ నోడ్, స్ప్లీన్ అనే ప్లీహం వంటి లింఫ్ అవయవాలు, జీర్ణవ్యవస్థ. మూడో వారం మిగతా అవయవాలు. నాలుగో వారం పునశ్చరణ.

"ఏటన్నా, తిండికి గడి లేదేటి?" అంది.

"స్లైడు సూస్తూ తినమ్మి."

మూడో వారం చివర ల్యాబ్‌లో ఒక స్లైడు తీశాను. మైక్రోస్కోపులో చూడకముందే "స్ప్లీన్" అంది.

"ఎలా సెప్పేవు?"

"దాని అంచు విరిగింది కదేటి. మా బ్యాచ్ అందరికీ అదే గుర్తు."

పరీక్షలో వచ్చేది వేరే స్లైడ్ల పెట్టె. అందుకే నాలుగో వారం మార్చేశాను. స్లైడ్లు కలిపేసి, ఫోకస్ నేనే పెట్టేవాణ్ణి. తను కటకంలోంచే చూసి, ముందు రెండు గుర్తులు చెప్పి, తర్వాతే పేరు చెప్పాలి.

పరీక్షలో మళ్ళీ స్ప్లీనే వచ్చింది. లింఫ్ నోడ్ ఎందుకు కాకూడదని ఎగ్జామినర్ అడిగారట. పైపొర క్యాప్సూల్ కింద లింఫ్ పారే సైనస్ లేదు, తెల్ల గుజ్జులో ధమని ఓ పక్కగా ఉంది అని చెప్పిందట.

పాసయింది. రాయగడలో మా ఇంట్లో నా మార్కుల కంటే ఆ జవాబునే ఎక్కువసార్లు చెప్పాను.