ఆమె లేవకముందు లెక్క

నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఉద్యోగం ఎమ్మిగనూరు హైస్కూల్లో, కాపురం ఆదోనిలో. ఇరవై ఆరేళ్లుగా పొద్దున ఏడున్నర బస్సుకు పోవడం, సాయంత్రం దొరికిన బస్సుకు రావడం. పిల్లల్ని వరుసలో నిలబెట్టి ఈల ఊదేవాడికి ఒక జబ్బు అంటుకుంటుంది. ఎదుట ఎవరు నిలబడినా వరుసలో నిలబడినట్టే కనిపిస్తారు. నాకు ఆ జబ్బు ఉందని మా ఆవిడ పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టింది.

ఇది ఆమె నలభై ఎనిమిదో ఏట జరిగింది. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మిషను ముందు కూర్చుంటే పూట గడిచిపోతుంది. కాళ్లు తిమ్మిరి అంటోందని డాక్టరు దగ్గరికి తీసుకుపోతే రక్తపరీక్ష చేయించాడు. చక్కెర అంచు మీద ఉందన్నాడు. ఈసీజీ తీసి చూసి గుండె నిక్షేపంగా ఉందన్నాడు. మందులు ఇప్పుడే వద్దు, రోజూ నడవండి, మెల్లగా మొదలుపెట్టి పెంచండి, మూడు నెలల తర్వాత చూద్దాం అని పంపించాడు. నాకు భలే సంతోషం వేసింది. నడిపించడం నా పనే కదా.

ఆమెకు మాత్రం సంతోషం లేదు. వాళ్లమ్మ యాభై దాటకముందే, కోసిగి దగ్గర ఊళ్లో, పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. గుండె అన్నారు. అప్పటి నుంచి ఈమె మేడ మెట్లు ఎక్కినా మధ్యలో ఆగి ఎదమీద చెయ్యి పెట్టుకునేది. గుండె గట్టిగా కొట్టుకుంటే ఆగిపోవడానికే కొట్టుకుంటోందని ఆమె నమ్మకం. ఈసీజీ కాగితం చూపించి ఎన్ని చెప్పినా తల ఊపేది, నమ్మేది కాదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు.

సరే, శాస్త్రం ప్రకారం చేద్దామన్నాను. కార్వోనెన్ పద్ధతి అని ఒకటుంది. మా శిక్షణలో నేర్చుకున్నదే, ఏటా పిల్లలకు బోర్డు మీద వేసేదే. ప్రతి గుండెకూ ఒక అడుగు ఉంటుంది, ఒక అంచు ఉంటుంది. ఊరికే పడుకున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో అది అడుగు. రెండువందల ఇరవైలోంచి వయసు తీసేస్తే వచ్చేది సుమారుగా అంచు. ఆ రెంటి మధ్య ఉన్న జాగానే హార్ట్ రేట్ రిజర్వ్ అంటారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆ జాగాలో నలభై శాతం నుంచి యాభై శాతం దాకా వాడుకుంటే చాలు. వచ్చినదాన్ని అడుగుకు కలిపితే, నడిచేటప్పుడు నాడి ఎంత ఉండాలో తెలుస్తుంది. అందరికీ ఒకే కొలత జాకెట్టు కుట్టవు కదా, ఇదీ అంతేనని చెప్పాను. ఆ మాట ఆమెకు నచ్చింది.

మరుసటి రోజు పొద్దున ఆరు గంటలకు ఆమె టీ తెచ్చి ఇవ్వగానే మంచం మీద కూర్చోబెట్టి, రెండు వేళ్లు మణికట్టు మీద ఆనించి, గడియారం చూస్తూ నిమిషం లెక్కపెట్టాను. తొంభై నాలుగు. కొంచెం ఎక్కువే అనిపించింది గానీ నడక లేని ఒళ్లు అంతేలే అనుకున్నాను. నలభై ఎనిమిదేళ్లకు అంచు నూట డెబ్బై రెండు. తొంభై నాలుగు పోతే జాగా డెబ్బై ఎనిమిది. అందులో నలభై శాతం ముప్పై ఒకటి, యాభై శాతం ముప్పై తొమ్మిది. తొంభై నాలుగు కలిపితే నూట ఇరవై అయిదు నుంచి నూట ముప్పై మూడు. మిషను పక్కన ఉన్న సుద్దముక్కతో గోడ మీదే రాసేశాను.

ఆదోనిలో మా ఇంటి దగ్గరి గ్రౌండులో మొదటి రోజు రెండు చుట్లు తిరిగాక ఆపి, పది సెకన్లు లెక్కపెట్టి ఆరుతో హెచ్చవేశాను. ఆగిన వెంటనే చూడాలి, ఆలస్యమైతే నాడి దిగిపోతుంది. నూట పద్నాలుగు వచ్చింది. చాలదు, జోరు పెంచమన్నాను. పెంచింది. నూట ఇరవై. ఇంకా పెంచమన్నాను. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, మాట్లాడబోతే మాట రాక, నోరు తెరిచి గాలి పీలుస్తూ నడుస్తోంది. మనిషి మొహం చూస్తే చాలు, తెలిసిపోవాలి. నాకు గోడమీది అంకె తప్ప ఏమీ కనబడలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అయిదో రోజు నూట ముప్పై రెండు వచ్చింది. భేష్ అన్నాను. ఆమె గ్రౌండు గోడ వారగా కూలబడి ఎద పట్టుకుంది.

"మాయమ్మ గుండే నాకూ వచ్చింది," అనింది. "నడక వద్దు, ఏమొద్దు. ఉన్నన్ని దినాలు ఉంటాను."

ఆరో రోజు రాలేదు. ఏడో రోజూ రాలేదు. నేను విసుక్కున్నాను. బద్ధకానికి గుండె పేరు పెట్టుకుంటోందని కూడా అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆమె రొట్టెల పిండి కలుపుకుంది. ఆ రోజు నా క్యారియర్లో జొన్నరొట్టెలు ఎప్పటికంటే మెత్తగా ఉన్నాయి. దానితో ఇంకా ఒళ్లు మండింది.

స్టాఫ్ రూములో నా గోడు వెళ్లబోసుకున్నాను. ఎదుట లెక్కల మేడం కూర్చుని ఉన్నారు. ఆమెది ఎమ్మిగనూరే, ఇంట్లో మగ్గం ఉన్న కుటుంబం. లెక్క చెప్పమన్నారు. చెప్పాను. కాగితం మీద వేసుకుని, కూడికలూ తీసివేతలూ బాగానే ఉన్నాయి, తొంభై నాలుగు ఎప్పుడు చూశారని అడిగారు. పొద్దున్నే, ఆమె టీ తెచ్చినప్పుడు అన్నాను.

మేడం పెన్ను మూత పెట్టి నాకేసి చూశారు.

"టీ ఎవురు పెట్టినారు సార్?"

పడుకున్న మనిషి లేవకముందు, పక్క మీదనే, నాడి చూడాలి. ఇరవై ఆరేళ్లుగా నేను పిల్లలకు చెప్పిందీ అదే. మరి నా ఇంట్లో ఎందుకు చూడలేదంటే, మా పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో ఆమె లేవకముందు నేను ఒక్కరోజూ లేవలేదు. నేను కళ్లు తెరిచే సరికి ఆమె వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, నీళ్లు తోడి, పొయ్యి వెలిగించి, తాను ఒక టీ తాగి, నాకు ఇంకోటి తెచ్చేది. పరుగు మధ్యలో పట్టుకుని లెక్కపెట్టి, దానికి విశ్రాంతి అని పేరు పెట్టాను. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడబుద్ధి కాలేదు.

ఆ రాత్రి ఫోనులో అలారం నాలుగింటికి పెట్టి, చప్పుడు వినపడకుండా దిండు కింద దాచుకున్నాను. ఆమె నాలుగున్నరకు తనంతట తానే కదిలింది. లేవబోతుంటే భుజం మీద చెయ్యి వేసి, లేవొద్దు, కాసేపు అట్లే పడుకో అన్నాను. ఒంట్లో బాగాలేదా అని కంగారుపడింది. నాకేం కాలేదు, నీ లెక్క తప్పు వేశాను, నిన్ను తప్పుడు అంకె మీద పరుగెత్తించాను అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె పైకప్పు చూస్తూ పడుకుంది. మూడు నాలుగు నిమిషాలు ఆగి, చెయ్యి అందుకుని నిమిషం పాటు లెక్కపెట్టాను. డెబ్బై అయిదు.

అయిపోయిందా, వాకిలి ఊడ్చాల అంది. ఇంకో అయిదు నిమిషాలు పడుకోమన్నాను. ఆమె పక్కకు తిరిగి, చీకట్లోనే మెల్లగా చెప్పింది.

"తెల్లారుజామున ఊరికే పండుకోమని నాకు ఎవురూ సెప్పల్యా. మాయమ్మ గూడ."

వాకిలి నేనే ఊడ్చాను. ముగ్గు వేయడం రాలేదు, పక్కింటావిడ నవ్వింది. రెండో రోజు డెబ్బై ఏడు. మూడో రోజు కుళాయిలో నీళ్లు వచ్చే రోజు, ఆమె ఒక చెవి కుళాయి మీదే పెట్టింది. నీళ్లు నేను పడతానని ఒట్టు వేశాక గానీ కుదురుగా పడుకోలేదు. డెబ్బై ఆరు. మూడింటి సగటూ అదే. బిందెలు మోసిన తర్వాత నా నాడి ఎంతుందో చూసుకోవడానికి ధైర్యం చాలలేదు.

గోడమీది పాత అంకె తడిగుడ్డతో తుడిచి, ఆమె ఎదుటనే కొత్తది వేశాను. నూట డెబ్బై రెండులోంచి డెబ్బై ఆరు పోతే తొంభై ఆరు. నలభై శాతం అంటే ముప్పై ఎనిమిది, డెబ్బై ఆరుకు కలిపితే నూట పద్నాలుగు. సగం అంటే నలభై ఎనిమిది, కలిపితే నూట ఇరవై నాలుగు. ఆమె నడవాల్సింది ఈ రెంటి మధ్య. గ్రౌండు గోడ వారగా కూలబడిన రోజు నూట ముప్పై రెండు. సగం దగ్గర ఉందనుకుని నేను భేష్ అన్నప్పుడు ఆమె తన జాగాలో దాదాపు అరవై శాతం దాకా పోయి ఉంది. ఏళ్ల తరబడి జోరుగా నడవని మనిషిని అయిదో రోజుకే అంత దూరం తోలాను. మొదటి రోజు నేను చాలదన్న నూట పద్నాలుగు ఆమెకు సరిగ్గా సరిపోయిన అంకె. గుండెకు ఏ లోపమూ లేదు, తప్పంతా నాదేనని చెప్పాను. ఆమె రేపు వస్తానంది.

మరునాడు ముందే చెప్పాను. అంచు అన్నది వయసును బట్టి వేసిన అంచనా, మనిషి మనిషికీ అటూ ఇటూ ఉంటుంది, అందుకని అంకె కంటే ముందు నీ ఊపిరి చూసుకో, మాట్లాడుతూ నడవగలిగితే సరి, మాట తెగిపోతుంటే తగ్గించు అని. ఈల ఇంట్లోనే పెట్టి వచ్చాను. మొదట మెల్లగా ఒక చుట్టు, తర్వాత కొంచెం జోరుగా రెండు చుట్లు. దారి పొడుగునా ఎవరి జాకెట్టుకు చేతులు బిగుతయ్యాయో, ఎవరు కొలతకు రాకుండా పాత జాకెట్టు పంపించారో చెబుతూనే ఉంది. ఆమె మాటలు అంత శ్రద్ధగా నేను ఏనాడూ వినలేదు.

ఆగాము. అలవాటుగా చెయ్యి పట్టుకోబోయాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేనే సూసుకుంటా. యాడ పెట్టాలో సూపించండి."

బొటనవేలు వద్దని, పక్క రెండు వేళ్లు ఎక్కడ ఆనించాలో చూపించాను. ఆమె వేళ్లు మణికట్టు దాకా వచ్చి ఆగిపోయాయి.

"ఆ పొద్దు మాయమ్మ సెయ్యి పట్టుకొని ఎంత ఎతికినా దొరకల్యా," అనింది. "అప్పట్నుంచి నాది నేను ముట్టుకోవాలంటే బయం."

ఇరవై నాలుగేళ్లు కలిసి బతికాను, నాకు ఆ సంగతి తెలియదు. గడియారం పట్టుకుని నిలబడ్డాను. ఆమె కళ్లు మూసుకుని వేళ్లు ఆనించింది. ఒక్క క్షణం మొహం ముడుచుకుంది, తర్వాత విప్పారింది. పెదవులు కదులుతున్నాయి. పది సెకన్లు కాగానే చెప్పాను. పందొమ్మిది అంది. హెచ్చవేయకుండానే నాకు తెలిసిపోయింది, నూట పద్నాలుగు. చాలు, టైము అయిపోయింది, చెయ్యి తియ్యి అన్నాను.

ఆమె తియ్యలేదు. కళ్లు కూడా తెరవలేదు.

"ఉండండి," అనింది. "కొట్టుకుంటాంది. ఇంగొంచేపు సూసుకుంటా."