ఎం అంటే మాచర్ల

గద్వాలలో మగ్గాల వీధి పగటిపూట నోరు మూసుకునేది అమావాస్య ఒక్క రోజే. ఆ రోజు నేతగాళ్లు మగ్గం ఎక్కరు. అందుకే మాచర్ల స్వరూప తన ఆన్‌లైన్ పరీక్ష తేదీని ఏరికోరి అమావాస్యకు మార్చుకుంది. క్లౌడ్ కంప్యూటింగ్ సర్టిఫికేట్ పరీక్ష అది. పాసైతే హైదరాబాదులో ఉద్యోగం ఖాయం, లేకపోతే తండ్రి వెంకట్రాములు మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టడమే. కండెలు చుట్టడం ఆమెకు నామోషీ కాదు కానీ, ఐదేళ్లుగా ఆ పనే చేసి విసిగిపోయింది.

ఇంట్లో పరీక్ష రాయాలంటే గది తలుపు మూసి ఉండాలి, లోపల ఇంకో మనిషి ఉండకూడదు, చప్పుడు ఉండకూడదు. కెమెరాలోంచి ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. స్వరూప ఇంట్లో తలుపున్న గది ఒక్కటే. అందులోనే గుంట మగ్గం.

పరీక్ష అమావాస్య గురువారం పొద్దున పది గంటలకు. మంగళవారం లాప్‌టాప్ సరిగ్గా ఉందో లేదో చూసుకుంటూ నిబంధనలు మళ్లీ చదివింది. గుర్తింపు కార్డులో పేరు ఎలా ఉందో బుకింగ్‌లోనూ అచ్చం అలాగే ఉండాలట. ఆమె పాన్ కార్డులో మాచర్ల స్వరూప. బుకింగ్‌లో ఎం. స్వరూప. బడిలో చేరిన నాటి నుంచి పదో తరగతి మెమో దాకా ఇంటిపేరు ఒక్క అక్షరమే కదా, చెయ్యి అలవాటుగా అదే రాసేసింది.

మార్చబోతే పేరు తాళం వేసినట్టు కదల్లేదు. సహాయ విభాగానికి చాట్‌లో రాసింది. కార్డు ఫొటో పంపితే పేరు మార్చడానికి మూడు పనిదినాలు పడుతుందని జవాబు. పేరు కలవకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, ఫీజు తిరిగి రాదు. తేదీ మార్చుకోవాలంటే పరీక్షకు ఇరవై నాలుగు గంటల ముందే మార్చుకోవాలి, దానికి ఫీజు లేదు. బుధవారం పది దాటితే మార్చడానికీ రద్దుకూ వీలుండదు, ఫీజు మొత్తం పోతుంది. ఒక బుకింగ్ తేదీని రెండుసార్లకు మించి మార్చనివ్వరు. అమావాస్య కోసం ఒకసారి మార్చేసింది కాబట్టి ఇదే ఆఖరి మార్పు. పైగా ఫీజు కింద శిక్షణ సంస్థ ఇచ్చిన వోచర్ గడువు నెలాఖరుతో తీరిపోతుంది. బుక్ చేస్తే సరిపోదు, ఆలోపు రాయాలి.

అంటే అమావాస్య గోవిందా. వచ్చే అమావాస్యకు వోచర్ ఉండదు. స్వరూపకు ఒళ్లు మండిపోయింది. కార్డు ఫొటో పంపి, క్యాలెండర్ తెరిస్తే, మగ్గాలు ఆగే రాత్రి వేళలన్నీ నిండిపోయి ఉన్నాయి. నెలాఖరు సోమవారం మధ్యాహ్నం ఒకటి దొరికితే దాన్నే నొక్కింది. వీధి మొత్తం మగ్గాల మీదుండే వేళ అది.

"ఎం అంటే మాచర్లనే గదా బిడ్డా, గంత సదువుకున్నోళ్లకు తెల్వదా?" అన్నాడు వెంకట్రాములు.

"తెల్వదు నాయినా! మాధవరం గావొచ్చు, మంథెన గావొచ్చు. ఆళ్లకేం ఎరుక?" అని అరిచింది. అరిచాక, తండ్రి మీద ఎందుకు అరిచానా అని ఇంకా కోపం వచ్చింది.

 ఆ సాయంత్రం ఆయన కండువా భుజాన వేసుకుని, సోమవారం మధ్యాహ్నం మగ్గాలు ఆపమని అడుగుతూ ఇల్లిల్లూ తిరిగాడు. తన పని కోసం ఎవరినీ ఒక మాట అడిగి ఎరగని మనిషి. పక్కింటి భీమన్న మొహం మీదే అన్నాడు, "నెలకు రెండు అమాసలు జేస్తే ఎట్ల బతుకుదం వెంకట్రాములన్నా? సేటు చీర మంగళారానికి ఇయ్యాలె." గోడ అవతల ఆ మాట విన్న స్వరూపకు తల కొట్టేసినట్టయింది.

పేరు మారినట్టు మెయిల్ శుక్రవారం వచ్చింది.

సోమవారం మగ్గానికి దుప్పటి కప్పి, గది నాలుగు వైపులా ఫొటోలు తీసి పంపింది. పాన్ కార్డు కెమెరాకు చూపించింది. తెర మీద మాచర్ల స్వరూప అని పూర్తి పేరు వచ్చింది. చెవులు రిక్కించింది. వీధిలో ఏ మగ్గం మీదా నాడె కదల్లేదు, భీమన్నది కూడా. కృతజ్ఞత కంటే ముందు ఆమెకు ఏడుపొచ్చింది. ఒక్క అక్షరం కోసం ఇంతమంది పని ఆపుకుని కూర్చోవడమా! కళ్లు తుడుచుకుని మొదలుపెట్టింది.

రెండు గంటల తర్వాత తెర మీద పాస్ అని కనబడింది. ఆమె తలుపు తీసింది. గడప అవతల వెంకట్రాములు నేల మీద కూర్చుని ఉన్నాడు, తన దగ్గు బయటికి రాకుండా కండువా నోటికి అదిమిపెట్టుకుని.  కూతురి వైపు చూసి గుసగుసగా అన్నాడు.

"ఇగ దగ్గొచ్చునా బిడ్డా?"