ఆ ఫోన్‌లోనే ఉండిపోయిన గొంతు

మా ఇంట్లో ఒకరికి ఇచ్చినదాన్ని తిరిగి అడగరు. పొలాలున్న రోజుల్లోనూ అంతే, వీధి గేటూ రెండు గదులూ మిగిలిన ఈ రోజుల్లోనూ అంతే. ఊళ్లో మా ఇంటిని ఇంకా పెద్దిల్లనే అంటారు. ఆ మాట కోసమే నేను ఇప్పటికీ ఇస్త్రీ చొక్కా వేసుకోకుండా గడప దాటను.

నా భార్య చివరి రెండేళ్లు ఫోన్‌లో వంటల వీడియోలు చేసేది. ఉగ్గాని, రాగి సంగటి, చెనిక్కాయల పచ్చడి ఊరిబిండి. మా పాత సేద్యగాడి కూతురు ఫోన్ పట్టుకునేది, ఆమె వండేది. యాప్‌లో పెట్టినవాటికన్నిటికీ ఏదో ఒక పాట తగిలించేవాళ్లు. తన గొంతుతో చెప్పినవి మాత్రం ఆమె బయటికి వదిలేది కాదు. ఎక్కడో ఒక మాట తడబడిందని, దగ్గు వచ్చిందని, మళ్లీ చెప్తానని డ్రాఫ్టుల్లో దాచేది. ఆ మళ్లీ చెప్పడం కుదరకముందే ఆమె పోయింది.

కొన్నాళ్లకు ఆ అమ్మాయి పెళ్లయి సోమందేపల్లెకు కాపురానికి బయల్దేరింది. నా భార్యను పెద్దమ్మా అని పిలుస్తూ మా వంటింట్లో తిరిగిన పిల్ల. దాన్ని ఒట్టి చేతులతో పంపలేను. చీర పెట్టి, పైన ఆ ఫోన్ పెట్టి ఇచ్చాను. సిమ్ మాత్రం తీసి దాచుకున్నాను. నంబరు నా దగ్గరుంటే ఆమెవన్నీ నా దగ్గరున్నట్టేనని అనుకున్నాను.

ఈ ఎండాకాలం బత్తలపల్లెకు వెళ్లి కొత్త ఫోన్ కొన్నాను. అంగడాయన ముస్లిం. మా నాయన కాలంలో వాళ్ల తాత మా ఇంటి గడియారాలు బాగుచేసేవాడట. నన్ను అన్నా అంటాడు, వేళాకోళం ఆడతాడు. ఆమె సిమ్ వేసి, యాప్ దించి, నంబరుకు వచ్చిన ఓటీపీ కొట్టాడు. ఆమె పేజీ తెరుచుకుంది. ఉగ్గాని వచ్చింది, సంగటి వచ్చింది, పాటలన్నీ వచ్చాయి. డ్రాఫ్టులు ఎక్కడని అడిగాను. అవి ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"నెట్టు నిదానంగా ఉండాది. రానీ అన్నా, టీ తాగుదాం," అన్నాడు.

టీ తాగాం. ఏమీ రాలేదు. యాప్ మూసి తెరిచాడు. ఏమీ రాలేదు.

"నా సొత్తు యాడికి పోయింది?" అన్నాను. గొంతు కొంచెం పెరిగిందేమో, పక్క అంగడివాళ్లు తొంగి చూశారు.

"ఏమప్పా, నేను మింగినానా?" అని నవ్వి, అంతలోనే తల కొట్టుకున్నాడు. "అరె, నాకూ ఇట్లే అయినాది కదన్నా. మా తమ్ముని పెళ్లి వీడియో చేసి డ్రాఫ్టులో పెట్టినా. యాప్ తీసేసి మళ్లీ వేస్తే మాయం. చూడన్నా, పోస్టు చేసిండేటివి పైకి పోతాయి, కంపెనీ కంప్యూటర్లలో ఉంటాయి. యా ఫోన్‌లో లాగిన్ అయినా కనపడతాయి. ఈ యాప్‌లో డ్రాఫ్టు పైకి పోదు. యా ఫోన్‌లో చేస్తే ఆ ఫోన్ కడుపులోనే ఉంటాది. మెయిల్ డ్రాఫ్టు మాదిరి కాదు ఇది. ఆ పాత ఫోన్ యాడుండాది?"

"ఇచ్చేసినాను."

"తెప్పిచ్చు మరి."

"ఇచ్చింది అడగను."

ఆయన నా ముఖం చూశాడు. "సరే, అడగొద్దులే దొరా. ఆ యాప్ మాత్రం తీసేయొద్దని చెప్పు. తీసేస్తే ఇంక నువ్వూ నేనూ ఏడ్చినా రావు. ఫోన్ రీసెట్ కొట్టినా అంతే. ముందు ఫోన్ చెయ్యి."

చేశాను. రింగయింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. అప్పుడు గుర్తొచ్చింది. పండక్కి మాట్లాడినప్పుడు ఆ పిల్ల అంది: "ఫోన్ నిండిపోయింది పెద్దనాయనా, ఊరికే నిలబడిపోతాంది. అంతా ఖాళీ చేయించల్ల."

ఇంటికి వెళ్లలేదు. అక్కడి నుంచే ధర్మవరం బస్సెక్కాను. కిటికీ అవతల విత్తనానికి దున్ని పెట్టిన ఎర్రనేలలు వానకు ఎదురుచూస్తూ పడున్నాయి. ఒకప్పుడు వీటిలో మావేవో చూపుడువేలితో చెప్పగలిగేవాణ్ని. ఆ రోజు వాటివైపు మనసు పోలేదు. ఆమె గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. మాటలు గుర్తొచ్చాయి, గొంతు రాలేదు. కొన్న ఫోన్ ఒళ్లో పెట్టుకుని, పెనుకొండ దాటి సోమందేపల్లె చేరేదాకా అదొక్కటే పని చేశాను.

ఆ పిల్ల వసారాలో కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి గబుక్కున లేచింది.

"ఏం పెద్దనాయనా, చెప్పకుండా వచ్చినారు? మిషన్ చప్పుడుకు ఫోన్ వినపళ్లేదు. లోపలికి రాండి, నీళ్లు తాగండి."

నీళ్లు తాగాను. ఎండల గురించి మాట్లాడాను, అల్లుడి లారీ పని గురించి అడిగాను. ఫోన్ మాట నోటి దాకా వచ్చి ఆగిపోతోంది. మిషన్ బల్ల మీద, బట్టముక్కల మధ్య అది కనబడుతూనే ఉంది. దాని మూలకు నా భార్య అంటించిన చిన్న పువ్వు స్టిక్కరు సగం చిరిగి ఇంకా ఉంది.

చివరికి అన్నాను. "నేను దాన్ని తీసుకుపోను. అది నీది. అందులో మీ పెద్దమ్మ డ్రాఫ్టులు ఉంటే ఒకసారి చూసిపోతాను."

ఆ పిల్ల ఫోన్ తీసుకుంది. "నిన్ననే గ్యాలరీ అంతా తుడిచేసినా పెద్దనాయనా," అంది. గొంతు తగ్గింది. "యాప్ తీయలేదు. పెద్దమ్మ అకౌంటు తీసేయడానికి మనసు రాలేదు. పక్కన నాది చేర్చుకున్నానంతే."

తన అకౌంటులోంచి ఆమె అకౌంటులోకి మార్చింది. డ్రాఫ్టులు వరసగా కనబడ్డాయి. కొన్ని నల్లగా ఉన్నాయి. గ్యాలరీలోంచి వీడియోలను తెచ్చి చేసినవట అవి. అసలు వీడియో పోయింది కాబట్టి తెరుచుకోవడం లేదు. యాప్‌లోనే తీసినవి మాత్రం మిగిలాయి. "పోయినవి నా చేతిమీదే పోయినాయి," అని ఆ పిల్ల ఏడ్చింది. ఇచ్చిన ఫోన్‌ను ఎలా వాడుకోవాలో నేను చెప్పేది కాదని, ఏడవొద్దని అన్నాను.

మిగిలినవాటిని ఒక్కొక్కటిగా తెరిచి, ఫోన్‌లోకి సేవ్ చేసి, నా కొత్త ఫోన్‌కు పంపింది. ఆఖరిదాన్ని నేను పంపనివ్వకుండా ముందు వినిపించమన్నాను.

రోట్లో ఊరిబిండి నూరుతున్న ఆమె చేతులు. గాజుల చప్పుడు. తర్వాత ఆమె.

"చెనిక్కాయలు మాడిపోకుండా దోరగా వేయించుకోవల్ల. వేడిమీద పొట్టు తీయొద్దు, ఆరనీయండి. మా ఇంటాయనకి పచ్చిమిరపకాయ ఎక్కువైతే ఎక్కిళ్లొస్తాయి గానీ చాలని మాత్రం అనడు, మళ్లీ పెట్టమంటాడు..." నవ్వు. దగ్గు. "ఇది పెట్టొద్దు పాపా. ఉండు, ఇంకోసారి చెప్తా."

అక్కడితో ఆగిపోయింది.

దాన్నీ నాకు పంపి, ఆ పిల్ల పాత ఫోన్‌ను బల్ల మీద పెట్టి నావైపు జరిపింది. నేను దాన్ని మళ్లీ బట్టముక్కల మధ్యకు నెట్టి లేచాను.

మరుసటి వారం బత్తలపల్లెలో అంగడాయన అడిగాడు. "దొరికినాయి కదన్నా, పోస్టు చేసేద్దామా? పైకి పోతే ఇంక యా ఫోన్ పోయినా భయం ఉండదు."

ఎక్కడా పోకుండా ఉండేలా ఆన్‌లైన్లో దాచిపెట్టమన్నాను, ఎవరికీ కనబడకుండా. అలాగే చేశాడు.

"పోస్టు చేస్తే ఏమన్నా?" అన్నాడు.

"ఇంకోసారి చెప్తానంది," అన్నాను.