ఫ్యాన్ ఆగితే లేచే మనిషి

సూరత్‌లోని ఉధ్నాలో ఆ సందుకి కొత్తగా వచ్చినవాళ్లు ఊర్మిళకే చెవుడనుకుంటారు. అంత గట్టిగా మాట్లాడుతుంది మరి! అసలు చెవుడు ఆమె మొగుడు సోమలింగానికి. ముప్ఫై రెండేళ్లు పవర్‌లూమ్ షెడ్డులో మగ్గాల మధ్య నిలబడ్డ మనిషికి చెవులు మిగలమంటే ఎక్కణ్ణుంచి మిగులుతాయి? ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. షెడ్డులో అందరిదీ అదే తీరు. దారం తెగిందని చెప్పాలన్నా, బాబిన్ అయిపోయిందనాలన్నా, సేఠ్ వస్తున్నాడని హెచ్చరించాలన్నా చేతులే మాట్లాడతాయి. ఊర్మిళ పెళ్లయిన కొత్తలో సిరిసిల్ల నుంచి వచ్చి అదే షెడ్డులో నాలుగేళ్లు బాబిన్లు చుట్టింది కాబట్టి ఆ సైగలన్నీ ఆమెకూ వచ్చు. తర్వాత కూతురు నీరజ పుట్టాక ఇంట్లోనే చీరలకు లేసులు కుట్టే పని పట్టుకుంది. మొగుడితో మాట్లాడీ మాట్లాడీ లోకమంతటికీ చెవుడే అన్నట్టు అరవడం అలవాటైపోయింది.

2021 మే నెలలో కరోనా మహమ్మారి సోమలింగాన్ని పట్టుకుంది. రిపోర్టు వచ్చిన రోజే మేడ మీది రేకుల గదిలోకి వెళ్లిపోయాడు. ఊర్మిళకు షుగరుంది, దగ్గరికి రానియ్యకండని డాక్టరు ఫోన్లో గట్టిగా చెప్పాడు. వేలికి పెట్టుకునే ఆక్సీమీటరులో అంకె నాలుగు గంటలకోసారి చూడాలి. తొంభై నాలుగు కిందికి వస్తే తనకు ఫోన్ చెయ్యాలి. తొంభై కిందికి వస్తే ఆస్పత్రికి పరిగెత్తాలి. అంతవరకు బాగానే ఉంది, ఆ అంకె చెప్పేదెవరు? సోమలింగం దగ్గరున్నది బటన్ల ఫోన్, అది మోగినా ఆయనకు వినబడదు. ఊర్మిళ మాస్కు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడితే పెదాలు కనబడవు. పైగా ఆ మనిషికి ఒక జబ్బు ముందునుంచీ ఉంది. ఏమడిగినా బాగానే ఉన్నానంటాడు. ఒకసారి మగ్గంలో వేలు నలిగినప్పుడు కూడా బాగానే ఉందన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఊర్మిళ జావ తీసుకుని పైకెళ్లి తలుపు కొట్టింది. లోపల గడియ పెట్టి ఉంది. అరచేత్తో కొట్టింది, గిన్నెతో కొట్టింది, ఇనప తలుపు సందంతా మోగింది. కిటికీలోంచి చూస్తే ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, కదలడం లేదు. ఊర్మిళ జావ గిన్నె అక్కడే పెట్టి చతికిలబడిపోయింది. అంతలో కరెంటు పోయింది. రెండు నిమిషాలకు సోమలింగం చెమటలు తుడుచుకుంటూ, టేబుల్ ఫ్యాన్ వైపు కోపంగా చూస్తూ లేచి కూర్చున్నాడు.

కిందికి దిగొచ్చి ఊర్మిళ చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, కూతుర్ని పిలిచింది. నీరజ సలాబత్‌పురాలో ఒక బట్టల వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తుంది. మార్కెట్లు మూసేశాక ఇంట్లోనే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటోంది.

"మీ బాపును మబ్బులు ఉరిమినా లేపలేం గానీ, ఫ్యాన్ ఆగితే లేస్తడే. కిందికెల్లి ఆ ఫ్యాన్ ఆపే స్విచ్ ఏదన్న ఉంటదా?"

నీరజ తల్లివంక వింతగా చూసింది. "ఉంటది అమ్మా. స్మార్ట్ ప్లగ్ అంటరు, ఫోన్లకెల్లే ఆపొచ్చు. దాంతోని ఒక కెమెరా గూడ తెప్పిస్త. ఫ్యాన్ ఆగంగనే బాపు లేచి ఆక్సీమీటర్ కెమెరాకు చూపిస్తడు. అరే, మస్త్ ఐడియా!"

రెండు రోజుల్లో డబ్బాలు వచ్చాయి. నీరజ ప్లగ్గును కింద గదిలోనే గోడకు పెట్టి, దాని బటన్ నొక్కి పట్టుకుంది. చిన్న దీపం గబగబా మిణుకుమంది. అంటే వైఫై పేరూ పాస్‌వర్డూ చెప్పండి, చేరతానని అర్థం. నీరజ ఫోన్లో అవి కొట్టింది. ఫోన్లో గుండ్రటి గీత తిరిగి, తిరిగి, చివరికి కుదరలేదని చెప్పింది. మళ్లీ చేసింది. మళ్లీ అదే. కెమెరా అయితే ఫోన్లో క్యూఆర్ కోడ్ గళ్ల బొమ్మ చూపించమంది. చూపిస్తే కూకూమని చప్పుడు చేసి చదువుకుంది. చదువుకుని, ఆ పేరుతో వైఫై నాకు దొరకడం లేదని మొరాయించింది. ఏడుసార్లు చేశాక నీరజ ప్లగ్గును మంచం మీదికి విసిరికొట్టింది.

"రెండు గూడ ఖరాబ్ మాల్! వాపస్ చేస్త. కొత్తయి రావాలంటే ఇంక మూడు దినాలు."

మూడు రోజులు! పొద్దున ఊర్మిళ కిటికీలోంచి చూసిన అంకె తొంభై మూడు. డాక్టరుకు ఫోన్ చేస్తే బోర్లా పడుకోబెట్టి, రెండు గంటలకోసారి చూస్తుండమన్నాడు. ఈ షుగరు కాళ్లతో రెండు గంటలకోసారి పైకెక్కి, కరెంటు పోవాలని దేవుణ్ణి వేడుకోవాలా?

సరిగ్గా అప్పుడే పక్కింటి లింగవ్వ రంగంలోకి దిగింది. డెబ్బై దాటిన మనిషి. రెండిళ్లకూ మేడమెట్లు ఒకటే. ఆమె వచ్చి మొదటి మెట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఓ ఊర్మిళా! మీ ఇంట్ల ఫైజీ పెట్టినరంట గదా! మా కోడలు పద్మారాణి ఫోన్ల చూపిచ్చింది, నీరజ ఫైజీ అని మీ పిల్ల పేరే రాసున్నది. గా ఫైజీ గాలికే లోకమంత సస్తున్నది. వాట్సాప్ల అందరు మొత్తుకుంటున్నరు. గందుకే సోమలింగం పండుకున్నడు. అది బంద్ చేసేదాంక నేనిక్కడికెల్లి లేవ!"

ఆ రోజుల్లో ఆ పుకారు ఊరూరా తిరిగింది. నిజానికి అప్పటికి సూరత్‌లో ఫైవ్ జీ అన్నదే ఇంకా రాలేదు. నీరజ రూటర్ రెండు తరంగాల మీద వైఫై ఇస్తుంది. ఒకటి రెండు పాయింట్ నాలుగు గిగాహెర్ట్జ్‌ది, రెండోది ఐదు గిగాహెర్ట్జ్‌ది. రెండోదాని పేరు చివర రూటర్ తనంతట తాను 5G అని తగిలించుకుంది. పద్మారాణి ఫోన్లో కనబడింది అదీ!

నీరజ గుమ్మంలోంచే కేకేసింది. "అవ్వా, అది అఫ్వా, ఉత్త పుకారు! గాలితోని రోగమొచ్చుడేంది? ఇది వైఫై, అది వేరే. నేను బంద్ చెయ్య!"

"చెయ్యకు. నేనీన్నే కూసుంట."

"అమ్మా, నువ్వన్న చెప్పు. ఇప్పుడు బంద్ చేస్తే ఆమె మాటే నిజమని గల్లీ అంత చెప్తది. నా పని గూడ స్లో అయితది."

ఊర్మిళ ఆ ముసలిదానివంక చూసింది. మాస్కు గడ్డం కింద వేలాడుతోంది. రోగమున్న ఇంటి మెట్ల మీద, రోగి గిన్నెలు దిగే దారిలో, ఆ వయసులో అడ్డం కూర్చుంది. మూర్ఖత్వమే, కానీ సోమలింగం మీది ప్రేమతో వచ్చిన మూర్ఖత్వం. ఆయనకు జ్వరం వచ్చిన మొదటిరోజు మిరియాల కషాయం పంపింది కూడా ఈమే. ఈమెకు కూడా అంటుకుంటే ఆ పాపం ఎవరు మొయ్యాలి?

"బంద్ చెయ్యి బిడ్డా," అంది ఊర్మిళ. ఆ రోజు ఎందుకో గొంతు లేవలేదు. "ఆమె ఏమన్న అనుకోనీ. నీకు తెల్సింది నీ దగ్గర్నుంచి ఏడికి పోదు. ముందుగాల ఆమెను లేపు."

నీరజ పళ్లు కొరుకుతూ లాప్‌టాప్ ముందు కూర్చుని, రూటర్ పేజీ తెరిచి, ఐదు గిగాహెర్ట్జ్‌ది ఆపేసింది. నిమిషంలో జాబితాలో ఆ పేరు మాయమైంది. పద్మారాణి లోపలి నుంచి "పోయిందత్తా!" అని అరిచాకే లింగవ్వ మోకాళ్లు పట్టుకుని లేచింది.

డబ్బాలు వాపసు కట్టే ముందు కోపం చల్లారక నీరజ ఇంకొక్కసారి ప్లగ్ బటన్ నొక్కింది. ఫోన్ ఇప్పుడు ఉన్న ఒక్క వైఫై మీదికే వచ్చేసింది. గీత తిరిగింది. ప్లగ్గు మిణుకు ఆపి నిలకడగా వెలిగింది. చేరిపోయింది! కెమెరాకు గళ్ల బొమ్మ చూపిస్తే అది కూడా అరనిమిషంలో చేరింది. నీరజ అప్పుడు డబ్బా తిరగేసి చదివింది. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంది, రెండు పాయింట్ నాలుగు గిగాహెర్ట్జ్ మీద మాత్రమే పనిచేస్తుందని.

"ఏమాయెనే?"

"తప్పు నాదే అమ్మా. నా ఫోన్ ఐదు మీదున్నది, అందుకే ఆ వైఫై పేరే వీటికి చెప్పిన. వీటికి రెండు పాయింట్ నాలుగొక్కటే వినబడతది. ఐదు మీద ఎంత మొత్తుకున్నా వీటికి చెవుడే."

ఊర్మిళకు ఐదు రోజుల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. చెవుడు సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా! లింగవ్వ మాత్రం గోడ అవతల నుంచి "నేను జెప్పలే?" అని గెలిచిన గొంతుతో అడిగింది. నీరజ ఆమెకు మొత్తం వివరించబోయి, తల్లి కళ్లతో వారించడం చూసి ఊరుకుంది. సాయంత్రం ఐదుది మళ్లీ వేసుకుంది, పేరు చివరి 5G తోక కత్తిరించి. ఒకసారి చేరాక ఫోన్ ఏ తరంగం మీదున్నా ప్లగ్గుకు పట్టింపు లేదు, ఆజ్ఞ ఇంటర్నెట్ మీదుగా వెళుతుంది. ఊర్మిళకు అబద్ధానికి తల వంచామన్న బాధ కొంత ఉంది. కానీ ఆ అబద్ధం మెట్ల మీదికొచ్చి కూర్చోకపోతే డబ్బాలు ఈపాటికి వాపసు పోయేవన్నదీ నిజమే. ఈ రెండింటినీ ఎలా కలుపుకోవాలో ఆమెకు అర్థం కాలేదు.

ఊర్మిళ ప్లగ్గునూ కెమెరానూ పై గుమ్మం దగ్గర పెట్టి, వాటిని ఎలా పెట్టుకోవాలో కిటికీలోంచి చేతులతో చెప్పింది. ఫ్యాన్ ఆగితే ఆక్సీమీటర్ చూపించాలి. సోమలింగం తలూపాడు. ఆ రాత్రంతా రెండు గంటలకోసారి నీరజ ఫ్యాన్ ఆపడం, ఆయన విసుక్కుంటూ లేచి వేలు కెమెరాకు చూపించడం. తొంభై మూడు, తొంభై మూడు, తొంభై రెండు. ప్రతిసారీ బాగానే ఉన్నానని చెయ్యి ఊపాడు.

మర్నాడు పొద్దున ఏడింటికి నీరజ ఫ్యాన్ ఆపింది. ఆయన లేవలేదు. రెండు నిమిషాలు. మూడు. ఊర్మిళ ఫోన్ రెండు చేతుల్తో పట్టుకుని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. నాలుగో నిమిషంలో ఆయన పక్కకు తిరిగి, వేలు కెమెరా వైపు ఎత్తాడు. ఎనభై ఏడు. ఈసారి బాగానే ఉన్నానని చెయ్యి ఊపలేదు. ముప్ఫై ఏళ్లలో ఆమె ఎన్నడూ చూడనిది అది.

"నూటెనిమిదికి కొట్టు," అని ఊర్మిళ అరిచిన అరుపు సందంతా వినబడింది.

అంబులెన్సు వచ్చేలోపు నీరజ అట్టముక్క మీద గుజరాతీలో రాసింది, ఈయనకు వినబడదు, చేతులతో చెప్పండి అని. దాన్ని దారం కట్టి ఆయన మెళ్లో వేశారు. నిలువెల్లా తొడుగులేసుకున్న ఇద్దరు మనుషులు ఆయన్ని మెట్లు దింపారు. వాళ్లేవో అడుగుతున్నారు, ఆయన బెదురుచూపులు చూస్తున్నాడు. పెదాలున్న మొహం ఒక్కటీ లేదు. ఊర్మిళను దగ్గరికి రానివ్వలేదు. ఆమె పదడుగుల దూరంలో, గుడ్డ కట్టిన మూతితో నిలబడిపోయింది. జీవితమంతా అరిచిన మనిషికి ఆ క్షణాన అరిచి చెప్పడానికి ఏమీ లేదు.

బండి ఎక్కబోతూ సోమలింగం ఆమెకోసం వెతికాడు. కనబడగానే ఆగి, రెండు వేళ్లు తన కళ్ల దగ్గర పెట్టి, వాటిని ఇంటివైపు తిప్పి, అరచేత్తో గాలిని మెల్లగా రెండుసార్లు అదిమాడు. ఊర్మిళకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. షెడ్డులో చాయ్ తాగడానికి బయటికెళ్లేవాడు పక్కవాడికి చేసే సైగ అది. నా మగ్గాలు జర చూస్తుండు, ఇప్పుడే వస్తా.

ఊర్మిళ చెయ్యెత్తి, సరే పో, చూస్తుంటానంది. పదకొండు రోజులు చూసింది. పన్నెండో రోజు ఆయన వచ్చాడు.