ఒకటి దగ్గర ఆగే ప్రోగ్రాం

శేఖర్ కోరుట్లలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పదకొండేళ్లుగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాడు. ఉండేది జగిత్యాలలో. పొద్దున ఎనిమిదింటి బస్సుకు వచ్చి, సాయంత్రం బస్సుకు తిరిగి పోతాడు. ఒక్క రోజు ఆలస్యంగా వచ్చింది లేదు, ఒక్క పిల్లను కసిరింది లేదు. ప్రిన్సిపాల్ ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు "మా శేఖర్ సార్ బంగారం" అంటాడు.

పెగడపల్లిలో అతని తండ్రి ఆగయ్య ఊళ్లోవాళ్ల పొలాల్లో కూలికి పోయేవాడు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటివాడు శేఖర్. ఎంసీఏ చదివిన కాలేజీలో ఒక్కో కంప్యూటర్‌కు నలుగురు. కీబోర్డు ముందు కూర్చునేది ఎప్పుడూ వేరెవరో. శేఖర్ వాళ్ల భుజాల మీదుగా చూసి, తెర మీద కనబడ్డది కనబడ్డట్టు నోటుబుక్కులో ఎక్కించుకునేవాడు. రాత్రికి దాన్ని బట్టీ కొట్టేవాడు. అట్లాగే ఫస్టు క్లాసులో పాసయ్యాడు. చదువంటే ఇదేనని అతనికి నమ్మకం కుదిరింది. కూలి ఇంటి నుంచి కుర్చీ దాకా తెచ్చిన పద్ధతిని ఎవరు మాత్రం అనుమానిస్తారు?

ఉద్యోగంలో చేరిన ఏడే ఆ నోటుబుక్కును టైపు చేయించి, స్పైరల్ బైండింగ్ వేయించాడు. అదే ల్యాబ్ మాన్యువల్ అయింది. అందులో ముప్పై రెండు ప్రోగ్రాములు. ప్రతి ప్రోగ్రాం కింద ఏ అంకె కొట్టాలో, ఏ జవాబు వస్తుందో కూడా అచ్చయి ఉంటుంది. పిల్లలు దాన్ని చూసి రికార్డు రాస్తారు, శేఖర్ ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి సంతకం చేస్తాడు. పందొమ్మిదో ప్రోగ్రాం ఫ్యాక్టోరియల్, అంటే ఇచ్చిన అంకె నుంచి ఒకటి దాకా అన్నిటినీ గుణించేది. ఐదు కొడితే నూట ఇరవై. పదకొండేళ్లలో ఆ ల్యాబులో ఫ్యాక్టోరియల్‌కు ఎవరూ ఐదు తప్ప మరో అంకె కొట్టలేదు.

"మన సార్‌కు ఆరు అంటె పడదే" అని ప్రవళిక అనే పిల్ల వెనక బెంచీలో నవ్వించేది. శేఖర్‌కు వినబడేది. తనూ చిన్నగా నవ్వి ఊరుకునేవాడు.

ఆ ఏడు ప్రాక్టికల్ పరీక్షలకు సిరిసిల్ల నుంచి రజని అనే మేడం ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయి. టీ వద్దన్నది, బిస్కెట్లు వద్దన్నది, తెచ్చుకున్న నీళ్ల సీసా బల్ల మీద పెట్టుకుని "షురు చేద్దామా సార్" అన్నది. అంతకుముందు వచ్చిన ఎక్స్‌టర్నల్స్ రికార్డు అట్ట చూసి, నూట ఇరవై చూసి మార్కులు వేసిపోయేవాళ్లు. ఈమె ఒక్కో పిల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చుంటున్నది.

మొదటి బ్యాచ్‌లో సింధూజకు చీటీలో ఫ్యాక్టోరియల్ వచ్చింది. సింధూజది మేడిపల్లి. క్లాసులో అందరికంటే బాగా చదివే పిల్ల. పది నిమిషాల్లో టైపు చేసి, ఐదు కొట్టి, నూట ఇరవై చూపించింది.

"మంచిగున్నది. ఇప్పుడు సున్న కొట్టు" అన్నది రజని.

సింధూజ చేయి కీబోర్డు మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత సున్న కొట్టింది.

తెర మీద జవాబు రాలేదు. సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ఒక లైను వచ్చి, ప్రోగ్రాం చచ్చిపోయింది. పక్క సిస్టమ్‌ల పిల్లలు మెడలు చాచి చూశారు.

"ఏమైందమ్మా?"

రజని స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకున్నది.

"నీ ఫంక్షను ఎక్కడ ఆగుతది? చూడు. ఇచ్చిన అంకె ఎన్, అది ఒకటికి సమానమైతే ఒకటి ఇచ్చి ఆగుమన్నవు. ఐదుకు మంచిగనే ఆగుతది. ఐదు పోయి నాలుగును పిలుస్తది, నాలుగు మూడును, అట్ల ఒకటి కాడికి వచ్చి ఆగుతది. సున్న ఇస్తె? సున్న ఒకటి కాదు గదా. అది మైనస్ ఒకటిని పిలుస్తది, అది మైనస్ రెండును. కిందికే పోతది గని ఒకటి మళ్ల రాదు. పిలిచినవన్నీ జవాబు కోసం ఎదురుచూసుకుంట మెమరీల కూసుంటయి. స్థలం నిండినంక సిస్టమే చంపేస్తది. సున్న ఫ్యాక్టోరియల్ ఎంత?"

"ఒకటి మేడం."

"తెల్సు గదా మరి. గిట్లెందుకు రాసినవ్?"

సింధూజ తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే స్టూలు వెనక నిలబడ్డ శేఖర్ కనబడేవాడు. రజని చెప్పింది అతనికి అర్థమైంది. నిజానికి ఆ నిమిషంలోనే, పదకొండేళ్ల తర్వాత, మొదటిసారి అర్థమైంది. ఒకటి దగ్గర ఆగుతుందని చెప్పాడే తప్ప, ఒకటి తగలకపోతే ఏమవుతుందని ఏనాడూ అనుకోలేదు.

రజని వెనక్కి తిరిగింది. "ఏంది సార్, మీరు జెప్పలేదా?"

"చెప్పిన మేడం" అన్నాడు శేఖర్. మాట తనంతట తనే వచ్చేసింది. "వీళ్లే... ప్రాక్టీసు చెయ్యరు. ఫోన్ల మీదనే ఉంటరు."

సింధూజ ఆ మాటకైనా తల ఎత్తలేదు. తెర మీది ఆ లైనునే చూస్తూ కూర్చున్నది. రజని వైవాలో ఇంకో రెండు ప్రశ్నలు అడిగింది. సింధూజ ఒక్కదానికీ నోరు విప్పలేదు. రజని మార్కుల షీటులో ఇరవై ఐదుకు ఎనిమిది వేసింది. పాసు కావాలంటే పది. పరీక్ష పోతే మళ్లీ వచ్చే ఏడే.

మధ్యాహ్నం రెండో బ్యాచ్ మొదలయ్యే ముందు శేఖర్ స్టాఫు రూములో అబ్జర్వేషన్ బుక్కులు చూసి ఇంటర్నల్ మార్కులు వేస్తున్నాడు. అబ్జర్వేషన్ బుక్కులంటే పిల్లలు ల్యాబులో చిత్తుగా రాసుకునేవి. ఒక్కొక్కటే తీసి, పేజీలు తిప్పి, మార్కు వేసి పక్కన పెడుతున్నాడు. సింధూజ పుస్తకం చేతికొచ్చింది. పందొమ్మిదో ప్రోగ్రాం పేజీ తిప్పాలా వద్దా అనుకుంటూనే తిప్పాడు.

ఆ పిల్ల మాన్యువల్‌లో ఉన్నట్టు రాయలేదు. ఎన్ ఒకటికి సమానమైనా, ఒకటికంటే తక్కువైనా ఆగాలని రాసింది. దాని మీద అడ్డంగా ఎర్ర గీత. పక్కన ఎర్ర అక్షరాలు: "మాన్యువల్ ప్రకారం రాయాలి." కింద తేదీ, ఆగస్టు పన్నెండు. కింద తన సంతకం.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు సింధూజ బుక్కు పట్టుకుని బల్ల దగ్గరికొచ్చి "సార్, సున్న ఇస్తె ఆగుతలేదు సార్, గందుకే మార్చిన" అన్నది. వెనక నలభై మంది వరసలో నిలబడ్డారు. "సున్న ఎవరిస్తరు బిడ్డా, పరీక్షల ఐదే అడుగుతరు" అని నవ్వాడు శేఖర్. గీత కొట్టాడు. అర మార్కు తీసేశాడు. ఆ పిల్ల "సరే సార్" అని పోయి తిరిగి రాసుకుని వచ్చింది.

శేఖర్ పుస్తకం మూశాడు. ఎదుటి కుర్చీలో కామర్సు సార్ గోర్లు కత్తిరించుకుంటున్నాడు. పిల్లలు రాయక తప్పు చేస్తే అది వేరు. రాసిన ఒప్పును తన చేత్తో కొట్టేసి, ఆ తప్పును పొద్దున అదే పిల్ల నెత్తిన పెట్టాడు. అందరి ముందర. ఫోన్ల మీద ఉంటరు అన్నాడు. సింధూజ దగ్గర ఫోను ఉన్నదో లేదో కూడా అతనికి తెలియదు.

పుస్తకాన్ని మిగతా వాటి మధ్యలోకి తోసేస్తే ఎవరికీ తెలియదు. మేడం నాలుగున్నరకు సిరిసిల్ల బస్సు ఎక్కుతుంది. షీటు కవరులో పెట్టి అంటిస్తారు. అంతటితో అయిపోతుంది. అట్లా అనుకున్నందుకే అతనికి తన ముఖం తనకు రోతగా అనిపించింది. అయినా వెంటనే లేవలేదు. రెండో బ్యాచ్ నడిచినంతసేపూ ఆ పుస్తకం చంకలో పెట్టుకుని ల్యాబులో అటూ ఇటూ తిరిగాడు.

నాలుగు దాటాక రజని జిగురు సీసా మూత తీసింది.

"మేడం, ఒక్క నిమిషం."

"చెప్పుండ్రి సార్, బస్సు టైమైతుంది."

శేఖర్ పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాడు. వేలు ఎర్ర గీత మీద పెట్టాడు.

రజని చదివింది. సంతకం చూసింది. అతని ముఖం చూడకుండా లేచి దగ్గరి సిస్టమ్‌లో ఆ పేజీలోది ఉన్నదున్నట్టు టైపు చేసింది. సున్న కొట్టింది. ఒకటి వచ్చింది. మైనస్ మూడు కొట్టింది. దానికీ ఒకటే వచ్చింది.

"మైనస్‌కు ఫ్యాక్టోరియల్ లేదు, గా మాట జెప్పాలె ప్రోగ్రాం. గంతవరకు తక్కువనే. గని ఆగుతున్నది గదా" అన్నది. "ఇది ఆ పిల్ల సొంతంగ రాసిందా?"

"సొంతంగనే మేడం. నేనే కొట్టేసిన. పొద్దున మీకు అబద్ధం జెప్పిన. నేను ఎన్నడు జెప్పలేదు. నాకే తెల్వదు."

రజని షీటు దగ్గరికి లాక్కున్నది. కసిరినా బాగుండేదనిపించింది శేఖర్‌కు. షీటులో ఎనిమిదిని కొట్టేసి ఇరవై ఒకటి వేసి, పక్కన పొట్టి సంతకం చేసి, పెన్ను అతనికిచ్చింది. అతనూ చేశాడు.

"మీ ప్రిన్సిపాల్ పదకొండేండ్లు అన్నరు గదా సార్, ఈడ" అన్నది కవరు అంటిస్తూ. ఆ ఒక్క మాటే. ఎంతమంది పిల్లలని లెక్క అడగలేదు. బ్యాగు భుజానికేసుకుని వాకిలి దాకా వెళ్లి ఆగింది. "నాకు జెప్పుడు అయింది. ఇగ ఆ పిల్లకు జెప్పుండ్రి."

రెండో బ్యాచ్ ప్రవళిక కోసం ఆగిన సింధూజ ఆమెతోపాటు బస్టాండులో ఉన్నది. శేఖర్ రావడం చూసి ప్రవళిక నవ్వు ఆపి, వాటర్ ప్యాకెట్ కొనే మిషతో పక్కకు జరిగింది.

"సింధూజా, మార్కులు మార్చిండ్రు బిడ్డా. పాసైనవ్. నీ అబ్జర్వేషన్ చూపెట్టిన మేడంకు."

"సరే సార్."

"నువ్వు రాసిందే కరెక్టు. నేను కొట్టేసిన. నాకు... యాదికి లేకుండె."

"నాకు యాదికున్నది సార్."

బస్టాండులో మైకు వేములవాడ, సిరిసిల్ల అని అరుస్తున్నది. అది ఆగేదాకా శేఖర్ నిలబడ్డాడు.

"మరి మేడం అడిగితె ఎందుకు జెప్పకపోతివి? మా సారే కొట్టేసిండు అని ఒక్క మాట అంటె అయిపోతుండె గదా."

సింధూజ మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. కోపమేమీ లేదు ఆ చూపులో. పాఠం అర్థం కానప్పుడు చూసినట్టే చూసింది.

"మీరు ఎనుకనే ఉంటిరి గదా సార్" అన్నది. "మీరే జెప్తరనుకున్న."

మేడిపల్లి మీదుగా పోయే జగిత్యాల బస్సు వచ్చి ఆగింది. ప్రవళిక ముందు ఎక్కి సీటు ఆపింది. సింధూజ ఎక్కింది. రోజూ శేఖర్ ఎక్కేదీ ఆ బస్సే. కండక్టరు "సార్, రాండ్రి, సీట్లున్నయ్" అని పిలిచాడు. శేఖర్ చేయి అడ్డంగా ఊపాడు. బస్సు కదిలిపోయాక కూడా, ఇంకో బస్సు ఎప్పుడున్నదో అడగకుండా, అక్కడే నిలబడ్డాడు.