పన్నెండు మాటల వరస

హిందూపురంలో ఉండే మా చెల్లెలు నాతో మాట్లాడి చాలా నెలలైంది. బిట్‌కాయిన్ కొంటున్నానంటే జూదమంది. నీ చీటీలేమైనా తీర్థప్రసాదమా అన్నాను. అంతే, ఫోన్ రావడం ఆగిపోయింది.

ధర్మవరంలో నా అద్దె గదికి పక్కింటి మగ్గం చప్పుడే తోడు. జీతంలో మిగిలినదాంతో కొంచెం కొంచెంగా కొన్నదంతా, ఇంకెవరి చేతిలోనూ ఉండకూడదని, పెన్‌డ్రైవ్ లాంటి వాలెట్‌కు మార్చుకున్నాను. మొదటిరోజు అది పన్నెండు ఇంగ్లీషు మాటలు చూపించింది. ఫొటో తీయలేదు, ఫోన్‌లో ఎక్కించలేదు. కాగితం మీద పక్కపక్కన రెండు నిలువు వరుసలుగా రాసి బీరువాలో పెట్టాను. అంకెలు మాత్రం వేయలేదు.

ఒకనాడు పిన్ మరిచిపోయాను. మూడుసార్లు తప్పు కొట్టేసరికి వాలెట్ తనను తానే తుడిచేసుకుంది. ఫరవాలేదు, ఆ మాటలుంటే సొమ్ము తిరిగొస్తుంది. కాగితం చూసి అడ్డంగా చదువుతూ ఒక్కొక్కటే వాలెట్‌లో కొట్టాను. చెల్లదంది. మళ్లీ కొట్టాను. చెల్లదంది.  అందులో ఉన్నదే నా ముసలితనానికి దాచుకున్న సొమ్ము.

బిట్‌కాయిన్ కొనేవాళ్ల టెలిగ్రామ్ గ్రూపులో అడిగాను. వెంటనే, తన ఫొటో బదులు వాలెట్ కంపెనీ గుర్తు పెట్టుకున్నవాడొకడు విడిగా మెసేజ్ పెట్టాడు.

"కంగారు పడకండి. ముందు తిన్నారా అక్కా?"

ఆ గదిలో నన్నా మాట అడిగినవాళ్లు లేరు. వాలెట్ సంగతితో పాటు చెల్లెలి సంగతీ చెప్పుకున్నాను. ఓపికగా విన్నాడు. చివరికి ఒక లింకు పంపి, సరిచూడటానికి పన్నెండు మాటలూ అందులో నింపమన్నాడు.

"నా మాటలు మీకెందుకప్పా? అవి ఎవురి చేతిలో ఉంటే సొమ్ము వాళ్లదే కదా?"

అది కంపెనీ పద్ధతి అన్నాడు. మాటలడిగే కంపెనీ యాడా ఉండదన్నాను. పోనీ కాగితం ఫొటో అయినా పంపమన్నాడు. ఇంటి తాళంచెవి అడిగేవాడు కాపలావాడెట్లవుతాడని వాదిస్తూనే కాగితం చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు కనిపించింది. ఎడమ వరుసంతా నీలం సిరా. కుడి వరుసలో సగం దాకా నీలం, అక్కడినుంచి నలుపు. పెన్ను అక్కడ ఆగిపోయింది. అడ్డంగా రాసుంటే ఎడమ వరుస కిందా నలుపే ఉండేది. అంటే నేను రాసింది పైనుంచి కిందికి. చదివింది అడ్డంగా. మాటలు సరైనవే, వరస తప్పింది.

కిందికి చదువుతూ వాలెట్‌లోనే కొట్టాను. తెరుచుకుంది. అంతా ఉంది. మొదట చేసిన పని, మాటల పక్కన అంకెలు వేయడం.

ఎవరికి చెప్పాలి? చెల్లెలి నంబరు తీసి చూసి పెట్టేశాను. ఇంతలో వాడే మళ్లీ మెసేజ్ పెట్టాడు.

"అక్కా, తిన్నారా?"

"తిన్నా. నువ్వు మాత్రం నా దుడ్లు తినలేవు" అని రాసి బ్లాక్ చేశాను.

పక్కింట్లో మగ్గం ఆగింది. నిజానికి నేనింకా తినలేదు.